పూజారి లేని వేళ: మేఘసందేశానికి జాషువా చెప్పిన జవాబు

గుర్రం జాషువా ‘గబ్బిలం’ కావ్యాన్ని పరిచయం చేసేవారిలో చాలామంది, అది కాళిదాసు ‘మేఘసందేశం’ తరహాలో సాగిందని మొదట ఒక వాక్యం రాసి, ఆ తరువాత ఆ సంగతిని పూర్తిగా పక్కన పెట్టి, కథానాయకుడి దైన్యాన్ని గురించీ పద్యాల ధారను గురించీ మాట్లాడతారు. ఆ వాక్యంలో అసత్యం లేదు. అయితే దాన్ని చదివినవారికి, జాషువా పాత కావ్యం నుంచి ఒక చట్రాన్ని తీసుకుని అందులో తన వస్తువును బిగించాడన్న అభిప్రాయం మాత్రమే మిగులుతుంది. 1941లో వచ్చిన గబ్బిలం మేఘసందేశానికి అనుకరణ కాదని, జవాబని నా నమ్మకం. ఆ జవాబు మూలంలో ఏ శ్లోకానికి తగులుతున్నదో తెలియకుండా చదివినప్పుడు కావ్యంలోని దుఃఖం మనకు అందుతుంది గాని, అందులోని వాదం అందదు.

నల్లగొండలో మేము కొందరం అప్పుడప్పుడు ఒకచోట కూర్చుని పద్యకావ్యాలు చదువుకుంటాం. రిటైరైన ఉపాధ్యాయులుంటారు, డిగ్రీ చదివే పిల్లలుంటారు, పద్యం వినడం ఇష్టమున్న వేరే పనుల వాళ్ళూ వస్తారు. గబ్బిలం చదువుతున్న రోజు ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్నే ఈ వ్యాసానికి కారణం. “సార్, గింత దుఃఖం ఉన్నోనికి కాళిదాసుతోని ఏం పని? సీదా చెప్పుకోవచ్చు గద?” అని ఆ అమ్మాయి అడిగింది. సీదా చెప్పుకోవడానికి జాషువాకు అడ్డేమీ లేదు. చెప్పుకోగలిగిన శక్తి ఆయనకు నిండుగా ఉంది. అయినా ఆయన యక్షుడు నిలబడిన చోటికే వెళ్ళి నిలబడ్డాడంటే అక్కడ తేల్చుకోవలసినది ఏదో ఉండి ఉండాలి. అదేమిటో చూడాలంటే ముందు యక్షుడు ఏమన్నాడో కొంచెం నిదానంగా వినాలి.

మేఘసందేశం కథ క్లుప్తమైనది. కుబేరుని కొలువులో పనిచేసే ఒక యక్షుడు తన విధిలో ఏమరుపాటు చూపినందుకు ఏడాదిపాటు భార్యకు దూరంగా ఉండమని యజమాని శపించాడు. అతడు రామగిరి ఆశ్రమాల్లో ఉంటూ, ఆషాఢమాసం మొదటిరోజున కొండచరియను ఆనుకుని ఉన్న మేఘాన్ని చూశాడు. ఆ మేఘం అతనికి గట్టును కుమ్మి ఆడుకుంటున్న ఏనుగులా అందంగా కనిపించింది. అలకాపురిలో ఉన్న భార్యకు తన క్షేమవార్త చేర్చమని దాన్ని వేడుకున్నాడు. వెళ్ళవలసిన దారిని చెప్పాడు, తరువాత ఊరిని, ఇంటిని, భార్యను వర్ణించాడు, చివరికి సందేశాన్ని చెప్పి మేఘాన్ని దీవించి పంపాడు. కావ్యమంతా ఇంతే.

అయితే ఈ కావ్యంలో కాళిదాసు తనకు తానే ఒక ఆక్షేపణ వేసుకుని సమాధానం చెప్పుకున్న చోటు ఒకటి ఉంది. పొగ, వెలుగు, నీరు, గాలి కలిస్తే ఏర్పడినది మేఘం. ప్రాణమున్నవారు, ఇంద్రియపటుత్వం ఉన్నవారు మోయవలసినది సందేశం. ఈ రెంటికీ పొత్తెక్కడిది అని అయిదవ శ్లోకంలో కవే అడిగాడు. ప్రేమతో బాధపడేవారికి చేతనమేదో అచేతనమేదో తెలియదని ఆయనే జవాబిచ్చాడు. అంటే దూతగా మేఘాన్ని ఎన్నుకోవడం వింతగా ఉందని కవికి తెలుసు, ఆ వింతను సమర్థించవలసిన అవసరం ఉందనీ తెలుసు. వెంటనే ఆరవ శ్లోకంలో యక్షుడు తన వంతుగా మరో సమర్థన చేశాడు. “జాతం వంశే భువనవిదితే పుష్కరావర్తకానాం” అని మొదలుపెట్టి, లోకమంతా ఎరిగిన పుష్కరావర్తకాల వంశంలో పుట్టినదానివని, ఇంద్రుని ముఖ్యపురుషుడివని, కోరిన రూపం ధరించగలవాడివని మేఘాన్ని కీర్తించాడు. విధివశాన ఆత్మీయులకు దూరమైన నేను అందుకే నిన్ను యాచిస్తున్నానన్నాడు. ఆ శ్లోకాన్ని ఈ మాటతో ముగించాడు: “యాచ్ఞా మోఘా వరమధిగుణే నాధమే లబ్ధకామా.” గుణాధికుణ్ణి అడిగి లేదనిపించుకున్నా మేలే గాని, అధముణ్ణి అడిగి కోరిక నెరవేర్చుకోవడం మేలు కాదని దాని భావం.

సంస్కృతం చదువుకున్న పాతతరం వారికి ఈ పాదం నోటికి వచ్చిన సూక్తి. సందర్భం నుంచి విడదీసి, ఆత్మగౌరవం గురించి చెప్పిన నీతిగా దాన్ని ఉదాహరించడం మామూలు. నాకు మాత్రం గబ్బిలం చదివిన తరువాత ఆ పాదం నీతిగా వినిపించడం ఆగిపోయింది. ఎవరిని అడగవచ్చు, ఎవరిని అడగకూడదు అన్నదానికి యక్షుడు పెట్టుకున్న నియమంగా వినిపిస్తున్నది. ఆ నియమంలో మొదటి అర్హత పుట్టుక.

ఇప్పుడు గబ్బిలం వైపు రావాలి. అంటరానివాడని ఊరు దూరం పెట్టిన ఒక పేదవాడు రాత్రివేళ తన గుడిసెలో ఉండగా ఒక గబ్బిలం లోపలికి వచ్చింది. జాషువా దాన్ని “ముక్కుమొగమున్న చీకటిముద్ద” అన్నాడు. దాని రెక్కల గాలికి ఆ ఇంట్లో ఉన్న చిన్న ఆముదపు దీపం ఆరిపోయింది. కొండ మీది మేఘం చూపుకు పండుగలా వస్తే, ఈ దూత ఇంట్లో ఉన్న ఆ కాస్త వెలుగునూ ఆర్పుతూ వచ్చింది. గబ్బిలం ఇంట్లోకి రావడం కీడని మన పల్లెల్లో ఇప్పటికీ నమ్మేవారున్నారు. దాన్ని పక్షుల్లోనూ చేర్చరు, జంతువుల్లోనూ చేర్చరు. పగటి లోకంలో దానికి చోటు లేదు. యక్షుని కొలమానంతో చూస్తే ఇంతకన్న అధమమైన దూత దొరకదు. అటువంటి ప్రాణిని ఈ మనిషి తల్లీ అన్నంత ప్రేమగా పలకరించి, తన గోడును కాశీ విశ్వనాథుని చెవిన వేయమని అడిగాడు.

మూలం తెలియని పాఠకుడికి ఇక్కడ ఒక అర్థం స్ఫురిస్తుంది. ఈ పేదవాడి మాట వినే మనిషి లేడు కనుక, గుడిసెలోకి వచ్చిన గబ్బిలంతోనే చెప్పుకున్నాడని, ఇది గతిలేనితనమని. ఆ అర్థం సరైనదే. మూలం తెలిసిన పాఠకుడికి దాని మీద ఇంకొకటి చేరుతుంది. అధముణ్ణి అడిగి పని నెరవేర్చుకోవడం కన్న గొప్పవాణ్ణి అడిగి భంగపడటమే మేలన్న యక్షుని నియమాన్ని ఈ మనిషి ఎదురుగా నిలబడి కాదన్నాడు. కోరిక నెరవేరకపోయినా ఫరవాలేదని అనగలిగేవాడు ఏడాది తరువాత ఇంటికి వెళ్ళబోయేవాడు. కోరిక నెరవేరితే తప్ప బతుకే లేనివాడు, వంశాన్ని చూసి దూతను ఎంచుకోలేడు, ఎంచుకోడు. మొదటి అర్థంలో గబ్బిలం నిస్సహాయతకు గుర్తు. రెండవ అర్థంలో అది ఒక నిర్ణయం. నేను జవాబు అన్నది ఈ నిర్ణయాన్నే.

మా కూటమిలో సంస్కృతం బోధించి రిటైరైన పాలమూరు పెద్దాయన ఒకరున్నారు. ఆయన ఈ మాటకు ఒప్పుకోలేదు. “అక్కడ అధిగుణుడు, అధముడు అన్నది గుణాన్ని బట్టి చెప్పిన భేదం నాయనా, కులాన్ని బట్టి కాదు. పైగా ఆ మాట విరహంలో ఉన్న యక్షుడిది, మేఘాన్ని మెప్పించడానికి పలికినది. కాళిదాసు సిద్ధాంతమని ఎట్లా అంటావు?” అన్నారు. ఇది బలమైన ఆక్షేపణ, దీన్ని తప్పించుకుపోవడం న్యాయం కాదు. ఆ పాదంలో ఉన్నది గుణమే. అది యక్షుని మాటే. కానీ అదే శ్లోకంలో మేఘం గుణాధికుడని చెప్పడానికి యక్షుడు చూపిన ఆధారాలు ఏవి? మొదటిది ప్రసిద్ధమైన వంశం, రెండవది ఇంద్రుని కొలువులో హోదా, మూడవది శక్తి. గుణం ఎక్కడ నుంచి వచ్చిందని అడిగితే శ్లోకం ముందుగా చూపించేది పుట్టుకనే. ఇక అది కవి సిద్ధాంతమా, పాత్ర స్వభావమా అన్నది వేరే చర్చ. జవాబు పాత్రకు చెప్పినా జవాబే అవుతుంది. కాళిదాసును నిందించడానికి జాషువా ఈ కావ్యం రాశాడని నేను అనడం లేదు. ఆయన వినుకొండ ప్రాంతంలో జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర రఘువంశం, కుమారసంభవం, మేఘసందేశం చదువుకున్నవాడు. ప్రేమించి చదివిన కావ్యానికే మనిషి ఇంత దగ్గరగా జవాబు చెప్పగలుగుతాడు.

ఇంకొక చిక్కు ఉంది, అది నా వాదాన్ని కొంచెం మెలి తిప్పుతుంది. వంశం లెక్కలోకి రాదని జాషువా నాయకుడు చెప్పాడా అంటే, కావ్యం అంత సులువుగా లేదు. అతణ్ణి పరిచయం చేసిన ప్రసిద్ధ పద్యంలోనే కవి అతణ్ణి “అరుంధతీసుతుడు” అన్నాడు, భరతభూమికి “కడగొట్టుబిడ్డ” అనీ అన్నాడు. మూలం తెలియకుండా చదివితే మొదటి మాట కులాన్ని సూచించే గౌరవమైన పేరుగా మాత్రమే కనిపించి సాగిపోతుంది. ఆరవ శ్లోకం మనసులో పెట్టుకుని చదివితే అక్కడ ఒక ప్రతివాదం ఉంది. పుష్కరావర్తకాల వంశం లోకవిదితమైతే, వసిష్ఠుని ఇల్లాలు, పెళ్ళిలో ప్రతి కొత్త జంటకూ ఆకాశంలో చూపించే అరుంధతి వంశం లోకవిదితం కాదా అన్న ప్రశ్న అందులో ఉంది. మా నల్లగొండ, పాలమూరు పల్లెల్లో డక్కలివారు మాదిగవాడలకు వచ్చి జాంబపురాణం చెప్పేవారు. అందులో జాంబవుడు ఆదిపురుషుడు. అరుంధతి ఆ ఇంటి ఆడపడుచు. ఆ కథ విని పెరిగినవారికి ఈ ప్రతివాదాన్ని ఎవరూ వివరించనక్కరలేదు. మా కూటమిలో అట్లా పెరిగిన ఒకతను ఆ పద్యం వినగానే “మా ఇంటిపేరు చెప్పినట్టే ఉంది” అన్నాడు. కాబట్టి జాషువా రెండు పనులు ఒకేసారి చేశాడని అనాలి. దూత విషయంలో వంశాన్ని అడగనే లేదు. నాయకుని విషయంలో, వంశమే కావాలంటే ఇదిగో అని చూపించాడు. ఈ రెంటికీ మధ్య పొంతన పూర్తిగా కుదిరిందని నాకు అనిపించదు. ఆ కుదరకపోవడం కావ్యానికి లోపమనీ అనిపించదు.

ఇప్పుడు గుడి దగ్గరికి వెళ్ళాలి. రెండు కావ్యాలూ నిజంగా ఎదురుపడే చోటు అదే.

మేఘసందేశంలో యక్షుడు మేఘానికి దారి చెబుతూ, కొంత చుట్టుదారి అయినా సరే ఉజ్జయినిని చూడకుండా పోవద్దన్నాడు. అక్కడ మహాకాలుని గుడి ఉంది. నీవు వేరే వేళలో చేరుకున్నా, సూర్యుడు కనుమరుగయ్యే దాకా అక్కడే ఆగమన్నాడు. సాయంకాలపు పూజలో శివునికి మోగే పటహం పని నీ ఉరుముతో నీవు చేస్తే, గంభీరమైన నీ గర్జనలకు పూర్తి ఫలం దక్కుతుందన్నాడు. ఆ తరువాత శివుడు తాండవం చేసే వేళ, సంజెకెంపుతో నిండిన నీవు ఆయన చేతుల మీద పరుచుకుంటే, రక్తంతో తడిసిన గజచర్మం కావాలన్న ఆయన కోరికను నీవే తీర్చినవాడివవుతావని, భవాని నిన్ను ఆదరంగా చూస్తుందని ఊరించాడు. గమనించవలసింది ఏమిటంటే, మేఘం గుడికి వెళ్ళే సమయం పూజ జరిగే సమయం. అందరూ ఉన్నప్పుడు, వాద్యాలు మోగుతున్నప్పుడు, దేవుడు ఆడుతున్నప్పుడు మేఘం అక్కడ ఉండాలి. దానికి పూజలో ఒక పాత్ర కూడా ఉంది. శివునితో మేఘానికి పని లేకపోయినా ఇంత ప్రవేశం ఉంది. అలకాపురి మేడలు కూడా ఊరి బయటి తోటలో ఉన్న శివుని తలమీది చంద్రుని వెన్నెలలో మెరుస్తాయని యక్షుడు ముందే చెప్పాడు. యక్షునికి శివుడు ఇంటి పక్కన ఉండేవాడు.

ఈ సన్నివేశాన్ని మనసులో పెట్టుకుని గబ్బిలంలో అందరికీ తెలిసిన ఆ చిన్న గీతపద్యం దగ్గరికి రండి. ఆలయంలో నీవు వేలాడుతున్నప్పుడు శివుని చెవి నీకు కొంత చేరువగా ఉంటుందని నాయకుడు గబ్బిలానికి గుర్తుచేశాడు. “పూజారి లేనివేళ విన్నవింపుము నాదు జీవితచరిత్ర” అని అడిగాడు. మూలం లేకుండా చదివితే ఇందులో చురుకైన వ్యంగ్యం ఉంది. మనిషికి దక్కని ప్రవేశం గబ్బిలానికి దక్కిందన్న బాధ ఉంది. పాత శివాలయాల చీకటి గర్భగుడుల్లో గబ్బిలాలు వేలాడటం మా జిల్లాలో అందరూ చూసినదే కనుక, పద్యం వినగానే దృశ్యం కళ్ళకు కడుతుంది. మూలంతో కలిపి చదివినప్పుడు మాత్రం ఈ పద్యంలో అన్నిటికన్న బరువైన మాట ‘పూజారి లేనివేళ’ అన్నదని తెలుస్తుంది. యక్షుడు తన దూతను సరిగ్గా పూజవేళకు ఆగమన్నాడు. ఈ నాయకుడు తన దూతను పూజ లేని వేళ చూసుకోమన్నాడు. ఒకరి దూత వాద్యంగా మోగాలి. మరొకరి దూత చెవిలో చెప్పాలి. శివుడు ఒక్కడే, గుడి అటువంటిదే, వేళ మారింది. ఆ వేళను మార్చినది దేవుడు కాదన్న సంగతిని జాషువా వాదించి చెప్పలేదు. పూజారి పేరెత్తి ఊరుకున్నాడు.

ఇక్కడ నాకు తోచిన మరో విషయం చెబుతాను. ఇది జాషువా అన్నది కాదు, ఈ రెంటినీ పక్కపక్కన చదివినందువల్ల నాకు కనిపించినది, కాబట్టి దీని బాధ్యత నాదే. మహాకాలుని గుడిలో మేఘం చేయవలసిన పని పటహం పని. పటహం తోలు వాద్యం. గబ్బిలంలో నాయకుడు తోలుతో పనిచేసేవాడు. భరతవీరుని పాదం కందకుండా చెప్పులు కుట్టి బతికాడని, అతని సేవకు భరతభూమి అప్పుపడిందని జాషువా పద్యం చెప్పింది. మా ఊళ్ళలో జాతరకైనా, పెళ్ళికైనా, చావుకైనా డప్పు మోగించేవారెవరో, ఆ డప్పుకు తోలు పదును పెట్టేవారెవరో అందరికీ తెలుసు. దేవుని ఊరేగింపు ముందు మోగిన ఆ డప్పు గుడి గడప దగ్గర ఆగిపోవడమూ తెలుసు. గుడిలో మోగే వాద్యానికి తోలు ఇచ్చిన చేతులు లోపలికి రాలేనప్పుడు, ఆ వాద్యం మోత మేఘం ఉరుముకు సాటి అని చదివితే, ఆ అందమైన ఊహ వెనుక ఉన్న మనిషి కనిపించడం మొదలవుతుంది. కాళిదాసు ఊహలో అందం ఏమీ తగ్గలేదు. కానీ దాన్ని మునుపటిలా చదవడం నాకు సాధ్యం కావడం లేదు.

ఇట్లా పోలికలు వెతుక్కుంటూ పోతే అంతు ఉండదని, ఎక్కడ తేడా కనిపిస్తే అక్కడ జవాబు ఉందనడం పాఠకుని పైత్యమని మా పెద్దాయన హెచ్చరించారు. ఆ ప్రమాదం నిజమైనదే. ఉదాహరణకు, మేఘసందేశం మొత్తం మందాక్రాంత వృత్తంలో నడుస్తుంది, గబ్బిలంలో ఉత్పలమాల వంటి వృత్తాలూ గీతపద్యాలూ కలిసి ఉన్నాయి. దీన్ని కూడా తిరుగుబాటుగా చూపించినవారిని విన్నాను. నాకు అది ఒప్పుదల కాదు. తెలుగు పద్యకావ్యం మామూలుగా నడిచే తీరే అది. తెలుగులో కావ్యమంతా మందాక్రాంతలో రాయాలని ఎవరూ ఎదురుచూడరు. ఎదురుచూడని చోట కనిపించే తేడాకు అర్థం అంటగట్టకూడదు. అట్లాగే ఆషాఢం పగలుకూ గుడిసె రాత్రికీ మధ్య వ్యతిరేకతను మరీ సాగదీయకూడదు. గబ్బిలం రాత్రి తిరిగే ప్రాణి, అది వచ్చింది కనుక రాత్రి వచ్చింది.

నేను పెట్టుకున్న గీటురాయి ఒక్కటే. మొదటి కావ్యం తనను తాను సమర్థించుకున్న చోటు ఎక్కడో ముందు చూడాలి. రెండవ కావ్యం సరిగ్గా ఆ చోటనే వేరే దారి పట్టిందా అని తరువాత చూడాలి. దూతను ఎందుకు ఎంచుకున్నాడన్నది మేఘసందేశంలో కవీ పాత్రా ఇద్దరూ సమర్థించుకున్న విషయం. గబ్బిలం అక్కడే తిరగబడింది. ఈ గీటురాయి మీద ఇతర సందేశకావ్యాలను పెట్టి చూస్తే తేడా బయటపడుతుంది. పన్నెండవ శతాబ్దంలో ధోయి రాసిన పవనదూతంలో గాలి దూత. వేదాంతదేశికుల హంససందేశంలో రాముడు సీత దగ్గరికి హంసను పంపాడు. ఆ రెండూ మంచి కావ్యాలు. దూత మారాడు, దారి మారింది, నాయకుడు మారాడు. కానీ గొప్పదాన్ని చూసి అడగాలన్న నియమం మారలేదు. హంస కన్న కులీనమైన పక్షి మన కవిత్వంలో ఏది? అందుకే వాటిని అనుసరణలంటాం. వాటిని ఆస్వాదించడానికి మేఘసందేశం తెలిసి ఉంటే సంతోషం పెరుగుతుంది, తెలియకపోతే నష్టం పెద్దది కాదు. గబ్బిలం విషయంలో తెలియకపోతే నష్టం పెద్దది.

శాపం సంగతి ఇంకా మిగిలి ఉంది. యక్షునికి శిక్ష పడింది. ఆ శిక్షకు కారణం ఏమిటో మొదటి శ్లోకంలోనే ఉంది, తన అధికారంలో ఏమరుపాటు. వేసినవాడు ఎవరో తెలుసు. ఎంతకాలమో తెలుసు, ఏడాది. అది ఎప్పుడు తీరుతుందో కూడా తెలుసు. విష్ణువు శేషశయ్య మీద నుంచి లేచిన నాడు నా శాపం తీరుతుంది, మిగిలిన నాలుగు నెలలూ కళ్ళు మూసుకుని గడిపేయమని భార్యకు చెప్పి పంపాడు. ఆ సందేశంలోని ఓదార్పు అంతా ఆ లెక్కలో ఉంది. దుఃఖానికి గడువు ఉంది కనుకనే దాన్ని అంత మధురంగా వర్ణించడం కుదిరింది. మేఘసందేశం గొప్ప విరహకావ్యం అన్నప్పుడు ఈ గడువును మనం సాధారణంగా లెక్కలోకి తీసుకోం.

గబ్బిలం నాయకుడికి వీటిలో ఏదీ లేదు. తప్పు ఏమిటో ఎవరూ చెప్పలేదు. శిక్ష వేసినవాడి పేరు లేదు. గడువు లేదు. వీటన్నిటికీ బదులుగా అతనికి కర్మ అన్న ఒక్క మాట చెప్పారు. కర్మ సిద్ధాంతంతో తన నోరు కట్టివేసి స్వార్థపరులు తన భుక్తిని అనుభవిస్తున్నారని, ఆ కర్మమంటే ఏమిటో, దానికి తన మీద కక్ష ఏమిటో “ఈశ్వరుని చేత ఋజువు చేయింపవమ్మ” అని అతడు గబ్బిలాన్ని కోరాడు. విడిగా చదివినా ఈ పద్యం పదునైనదే. యక్షుని శాపాన్ని దీని పక్కన ఉంచి చదివినప్పుడు అతడు అడుగుతున్నది ఏమిటో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. యక్షుడికి ఉన్నదాన్నే అతడు అడుగుతున్నాడు. తప్పేమిటో చెప్పించుకునే హక్కు, శిక్ష ఎంతో తెలుసుకునే హక్కు. శపించబడినవాడికి ఉన్న హోదా కూడా తనకు లేదని అతడు గుర్తించాడు. సంతప్తులకు నీవే శరణమని యక్షుడు ఏడవ శ్లోకంలో మేఘాన్ని వేడుకున్నాడు. ఆ తాపం విరహతాపం. జాషువా తన నాయకుణ్ణి ఆకలిమంటలో కాలినవాడని చెప్పాడు. ఆ మంటకు మేఘం పనికిరాదు.

ఈ కావ్యం వచ్చిన కాలాన్ని కూడా ఒక్క మాటలో తలుచుకోవాలి. 1936లో తిరువాన్కూరు సంస్థానంలో ఆలయ ప్రవేశ ప్రకటన వెలువడింది. 1939లో మధుర మీనాక్షి గుడిలోకి దళితులు అడుగుపెట్టారు, అదే ఏడాది మద్రాసు ప్రభుత్వం ఆలయ ప్రవేశానికి చట్టపరమైన వీలు కల్పించింది. ‘పూజారి లేనివేళ’ అన్న మాటను 1941 పాఠకులు వట్టి అలంకారంగా విని ఉండరు. గుడి తలుపుల ముందు అప్పటికి నడుస్తున్న తగవు అందులో ఉంది. అయితే ఈ చరిత్రను పాఠ్యపుస్తకాల్లో వివరించడం కొంత జరుగుతున్నది. మేఘసందేశంలోని ఆ రెండు మూడు శ్లోకాలను పద్యం పక్కన పెట్టడం మాత్రం నేను చూడలేదు. తరగతిలో గబ్బిలం చెప్పేవారు ముందు గబ్బిలం చదివించి, తరువాత ఆరవ శ్లోకాన్నీ మహాకాలుని సాయంపూజ శ్లోకాలనూ తెలుగులో వివరించి, మళ్ళీ గబ్బిలానికి రావాలని నా సూచన. మూలాన్ని ముందుగా చెబితే విద్యార్థి పోలికలు ఏరుకునే పనిలో పడి, నాయకుడి గొంతు వినడు. మా కూటమిలో ఈ వరుసలోనే చదివాం. రెండవసారి చదివినప్పుడు, గబ్బిలం రెక్కల గాలికి దీపం ఆరిన చోటే ఆగి మాట్లాడుకున్నాం. మొదటిసారి అక్కడ ఎవరూ ఆగలేదు.

జవాబు తెలిసిన తరువాత మూలం కూడా మారుతుందన్నది నాకు ఇందులో బాగా ఇష్టమైన సంగతి. మేఘసందేశం మొదటి శ్లోకంలో యక్షునికి పేరు లేదు, ఒకానొక యక్షుడు అంతే. జాషువా నాయకుడికీ పేరు లేదు. యక్షుడు కూడా యజమాని ఆగ్రహానికి గురైన సేవకుడే. పనిలో పొరపాటు చేసినందుకు ఇంటికి దూరమైనవాడు. దుబాయి నుంచి, బొంబాయి నుంచి ఇంటికి ఫోన్ చేసే పాలమూరు వలస కూలీల గొంతులు విన్న మనకు, ఆ సేవకుని గోడు పరాయిది కాదు. గబ్బిలం చదవకముందు నేను యక్షుణ్ణి భోగాలు కోల్పోయిన దేవతగా చూసేవాణ్ణి. చదివిన తరువాత, తనకన్న కిందివారిని అడగనని పట్టుబట్టిన సేవకుడిగా చూస్తున్నాను. ఆ పట్టుదలలో అతని మిగిలిన గౌరవమంతా ఉంది. దాన్ని జాషువా నాయకుడు విడిచిపెట్టాడు.

మేఘసందేశం ప్రతులు కొన్నిటిలో చివర ప్రక్షిప్త శ్లోకాలు ఉన్నాయి. మేఘం చెప్పిన వార్త కుబేరుని చెవిన పడిందని, అతడు జాలిపడి శాపం తీసివేసి దంపతులను కలిపాడని అవి చెబుతాయి. కాళిదాసు మేఘాన్ని దీవించడంతో ఆపేశాడు. మెరుపుతో నీకు ఒక్క క్షణమైనా ఎడబాటు కలగకూడదన్నది ఆ దీవెన. సందేశం చేరిందో లేదో తెలియకపోవడాన్ని భరించలేని పాఠకుడెవరో ఆ శ్లోకాలు రాసి చేర్చి ఉంటాడు. యజమాని దయతలిస్తే ఆ కథ ముగుస్తుంది గనుక అట్లా చేర్చడం వీలైంది. గబ్బిలం చివర అటువంటి పద్యం ఒకటి చేర్చి, శివుడు జాలిపడి అతని కష్టాలు తీర్చాడని ఎవరైనా రాస్తే, అది ఆ మనవికి జవాబు కాదు. అతడు శాపం తీయమని అడగలేదు. తాను చేసిన నేరమేమిటో రుజువు చేయమని అడిగాడు.